బండ అయిపోయే వాసనా, లీకు వాసనా? వంటగ్యాస్ కంపు చెప్పే కబురు

విశాఖపట్నంలో ఏ వంటింట్లోనైనా వినిపించే మాట ఒకటుంది: "వాసన వస్తోంది, బండ అయిపోవచ్చింది." చాలాసార్లు అది నిజమే. సిలిండర్ అడుగుకి వచ్చేసరికి పొయ్యి దగ్గర కుళ్ళిన గుడ్ల కంపు పెరుగుతుంది. చిక్కేమిటంటే, రెగ్యులేటర్ దగ్గర వాషర్ పోయినా, ట్యూబ్ పగిలినా వచ్చేది ఆ కంపే. మొదటిదానికి అలవాటు పడిన ఇల్లు రెండోదాన్ని కూడా "బండ అయిపోతోందిలే" అని వదిలేస్తుంది. ఈ రెండింటికీ తేడా పట్టుకోవాలంటే ఆ కంపు ఎక్కడ పుడుతుందో, ఎంత ఉంటుందో, ఎందుకు ఒక్కోసారి పెరిగి ఒక్కోసారి తగ్గుతుందో కొంచెం తెలియాలి.

బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువుల మిశ్రమం. ఒత్తిడి మీద ద్రవంగా మారి బండలో నిల్వ ఉంటుంది. ఈ రెండిటికీ చెప్పుకోదగ్గ వాసన లేదు, రంగూ లేదు. అలాగే వదిలేస్తే ఇల్లంతా నిండినా ఎవరికీ తెలియదు. అందుకని ఇళ్లకు పంపే గ్యాస్‌లో ఈథైల్ మెర్కాప్టాన్ అనే గంధకపు పదార్థాన్ని కలుపుతారు. కలిపేది చాలా కొద్ది: బరువులో లక్ష పాళ్ల గ్యాస్‌కి సుమారు రెండు పాళ్లు. 14.2 కిలోల ఇంటి సిలిండర్ మొత్తంలో ఉండేది గ్రాములో మూడో వంతు కూడా రాదు. నిండు బండలో చిటికెడు ఆవగింజలు వేసినంత.

అంత కొద్ది సరిపోవడానికి కారణం మన ముక్కు. కుళ్ళిన మాంసం, చేప, గుడ్డు, ఉల్లి అన్నీ గంధకపు వాయువుల్ని వదులుతాయి. తినకూడనిదాన్ని పసిగట్టడానికి ముక్కు ఈ రకం వాసనల దగ్గర అసాధారణమైన పదును చూపిస్తుంది. గాలిలో వంద కోట్ల పాళ్లకి ఒక పాలు మెర్కాప్టాన్ ఉన్నా మామూలు మనిషి గుర్తుపట్టగలడు. నిజానికి దీన్ని కుళ్ళిన గుడ్డు అనడం కంటే, కుళ్ళిన ఉల్లిపాయ, క్యాబేజీ కలిసిన కంపు అనడం సబబు. అసలు గుడ్డు కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ఆ వాయువునే ఎందుకు కలపలేదంటే, అది విషం, లోహాన్ని తినేస్తుంది, పైగా ఎక్కువైతే ముక్కుకి వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. మల్లెపూల వాసనలాంటిది ఎందుకు కలపకూడదు అన్న ప్రశ్నకి జవాబు ఇంకా తేలిక. మంచి వాసన వస్తే ఎవరూ లేచి వెళ్లి చూడరు.

ఎంత కలపాలన్నదానికి లెక్క ఉంది. వంటగ్యాస్ గాలిలో సుమారు 2 శాతం చేరితే అంటుకునే స్థితికి వస్తుంది. 9 శాతం దాటితే గాలి చాలక అంటుకోదు. ఆ మధ్యలో ఉన్నంతసేపూ ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ 2 శాతంలో అయిదో వంతు, అంటే 0.4 శాతం గ్యాస్ గాలిలో ఉన్నప్పుడే మామూలు ముక్కుకి వాసన స్పష్టంగా తెలిసిపోవాలన్నది నియమం. మెర్కాప్టాన్ పాళ్లతో గుణించి, బరువు లెక్కని ఘనపరిమాణంలోకి మారిస్తే, ఆ స్థితిలో గాలిలో వంద కోట్ల పాళ్లకి అరవై పాళ్ల దాకా అది ఉంటుంది. ముక్కు పసిగట్టే కనీసానికి అది పదుల రెట్లు ఎక్కువ. కాబట్టి శ్రద్ధగా పీల్చేవాళ్లకి ప్రమాదానికి చాలా ముందే కబురు అందుతుంది. శ్రద్ధ అన్నది పెద్ద షరతు, దాని సంగతి తర్వాత.

ఇప్పుడు బండ చివరి కంపు సంగతి. ప్రొపేన్ సున్నాకి 42 డిగ్రీల దిగువనే మరుగుతుంది, బ్యూటేన్ సున్నా దగ్గర. ఈథైల్ మెర్కాప్టాన్ మరిగేది 35 డిగ్రీల దగ్గర. బండలోంచి పొయ్యికి వచ్చేది ద్రవం మీద తేలే ఆవిరి. ఆ ఆవిరిలోకి ప్రొపేన్ తొందరగా లేస్తుంది, మెర్కాప్టాన్ బద్ధకంగా వెనకబడుతుంది. పులుసు మరిగే కొద్దీ నీరు పోయి ఉప్పెక్కినట్టు, బండ వాడే కొద్దీ మిగిలిన ద్రవంలో మెర్కాప్టాన్ చిక్కబడుతుంది. కొత్త బండ ఆవిరిలో కంపు పలుచగా ఉంటుంది, చివరి అర కిలో ఆవిరిలో ఘాటుగా ఉంటుంది. దీన్నుంచి ఒక ముఖ్యమైన విషయం తేలుతుంది, దాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కొత్త బండ బిగించిన రోజున లీకైతే వచ్చే వాసన, అదే లీకు నెలాఖరున వచ్చే వాసన కంటే తక్కువ. ముక్కు "కొంచెమే వస్తోంది" అన్నంత మాత్రాన లీకు చిన్నదని కాదు. బండ మార్చిన మొదటి రోజున వచ్చే సన్నని వాసనకి, చివరి రోజున వచ్చే ఘాటు వాసన కంటే ఎక్కువ విలువ ఇవ్వాలి. బిగించడంలో తప్పు జరిగే అవకాశం ఉన్నదీ ఆ రోజునే.

మరి తేడా పట్టుకునేది ఎలా? పొయ్యి వెలుగుతున్నప్పుడు మంట మెర్కాప్టాన్‌ను కూడా కాల్చేస్తుంది, కాబట్టి సరిగ్గా మండే నీలి మంట దగ్గర వాసన ఉండదు. బండ చివరికొచ్చిన వాసన పొయ్యి వెలిగించే క్షణంలో, లేదా మంట నీరసించి పసుపు తిరుగుతున్నప్పుడు వస్తుంది. నాబ్ కట్టేసిన కాసేపటికి పోతుంది. లీకు వాసనకి పొయ్యితో పని లేదు. పొయ్యి ఆర్పి ఉన్నా ఉంటుంది, పొద్దున తలుపు తీసి వంటింట్లోకి అడుగు పెట్టగానే తగులుతుంది, నిలబడిన చోట కంటే వంగితే ఎక్కువ తెలుస్తుంది. బండ బిగించి ఎన్ని రోజులైందో గుర్తు తెచ్చుకోవడం కూడా పనికొస్తుంది. నలభై రోజులు వచ్చే బండకి పదో రోజున "అయిపోవచ్చింది" వాసన రాకూడదు.

వంగితే ఎక్కువ తెలుస్తుంది అన్నది ఊరికే చెప్పిన మాట కాదు. వంటగ్యాస్ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. అది పొగలా పైకి పోదు, నీళ్లలా కిందికి జారి నేల మీద పరుచుకుంటుంది, గడప దాటి మెట్లు దిగుతుంది, సింక్ కింది తూములోకి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి చేరుతుంది. ఈ స్వభావాన్ని విశాఖ చాలా పెద్ద ఎత్తున చూసింది. 1997 సెప్టెంబరు 14 ఉదయం హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో లీకైన ఎల్‌పీజీ మేఘంగా పరుచుకుని అంటుకుంది, యాభై మందికి పైగా చనిపోయారు. వంటింట్లో జరిగేది దానికి బొమ్మంత, కానీ గ్యాస్ నడిచే పద్ధతి ఒకటే.

పైపు గ్యాస్ వాడే ఇళ్లకి ఇది వర్తించదని ఇక్కడే చెప్పుకోవాలి. అందులో ఉండేది మీథేన్, అది గాలి కంటే తేలిక, పైకప్పు కిందికి చేరుతుంది. వాసన కోసం కలిపే పదార్థాలు కూడా ఒక్కోసారి వేరు. ఇక్కడి నుంచి చెప్పేదంతా బండ గురించే.

ఒక సందర్భాన్ని లెక్క కట్టి చూద్దాం. ఎంవీపీ కాలనీలో రెండు పడకగదుల ఫ్లాట్ అనుకోండి. వంటిల్లు పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు. పెద్ద బర్నర్ మీద పాలు పెట్టి ఎవరో హాల్లోకి వెళ్లారు. పాలు పొంగి మంట ఆరిపోయింది. మన ఇళ్లలోని మామూలు పొయ్యిల్లో చాలావాటికి మంట ఆరితే గ్యాస్‌ను తనంతట తాను ఆపే ఏర్పాటు లేదు, కాబట్టి నాబ్ పూర్తిగా తెరిచే ఉంది. పెద్ద బర్నర్ గంటకి సుమారు 150 గ్రాముల గ్యాస్ వదులుతుంది.

ఈ గదిలో గాలి 22,600 లీటర్లు. గ్యాస్ గది మొత్తంలో సమంగా కలిస్తే 2 శాతానికి 450 లీటర్లు కావాలి, అంటే కిలోకి కాస్త తక్కువ. గంటకి 150 గ్రాముల చొప్పున అది ఆరు గంటల పని. ఇది చూసి ధైర్యం తెచ్చుకోకూడదు, ఎందుకంటే గ్యాస్ సమంగా కలవదు. నేల మీద ఒక్క అడుగు మందాన పరుచుకుందనుకుంటే ఆ పొరలో గాలి 2,260 లీటర్లే. దానికి 2 శాతం 45 లీటర్లు, సుమారు వంద గ్రాములు. నలభై నిమిషాల్లో అయిపోతుంది. నిజంగా జరిగేది ఈ రెండు లెక్కలకీ మధ్యలో ఉంటుంది. గట్టు మీద మూడడుగుల ఎత్తు నుంచి జారే గ్యాస్ దారిలో కొంత గాలితో కలుస్తుంది, ఫ్యాన్ గాలికి ఇంకొంత చెదురుతుంది. అయినా నేల దగ్గర పొర ముందు చిక్కబడుతుందన్నది ఖాయం. నేల దగ్గరే ఫ్రిజ్ కంప్రెసర్ ఉంటుంది. ఎవరూ ముట్టుకోకపోయినా తనంతట తాను ఆన్ అయి ఆఫ్ అయ్యే యంత్రం అది, దాని రిలేలో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు.

ఇదే లెక్కలో ముక్కు వంతు ఎప్పుడొస్తుంది? గదిలో పది గ్రాముల గ్యాస్ కలిసేసరికి, అంటే నాలుగైదు నిమిషాల్లో, శ్రద్ధగా పీల్చేవాళ్లకి వాసన తగలాలి. ప్రమాదపు పొర తయారవడానికి అరగంట పైన ఉంది. ఆ అరగంటే మెర్కాప్టాన్ మనకి కొనిపెట్టే సమయం. హాల్లో ఏసీ వేసుకుని తలుపు మూసుకుంటే ఆ సమయం చేజారుతుంది. సిమ్‌లో పెట్టిన బర్నర్ ఆరితే ఇదంతా మరీ నెమ్మదిగా, కొన్ని గంటల మీద జరుగుతుంది, ట్యూబ్ పగిలితే దీనికి ఎన్నో రెట్లు వేగంగా జరుగుతుంది.

వాసన తగలగానే చెయ్యాల్సిన పనుల్లో వరస ముఖ్యం. వెలుగుతున్న మంట ఏదైనా ఉంటే, అది దేవుడి గదిలో దీపమైనా, అగరొత్తి అయినా, దోమల చక్రమైనా, వాసన సన్నగా ఉన్నప్పుడే ఆర్పాలి. వాసన దట్టంగా ఉంటే దాని కోసం లోపలికి వెళ్లకూడదు, మనుషుల్ని తీసుకుని బయటికి నడవడమే. వంటింట్లోకి అడుగు పెట్టగలిగే స్థితి ఉంటే పొయ్యి నాబ్‌లు, ఆ వెంటనే బండ మీద రెగ్యులేటర్ నాబ్ కట్టెయ్యాలి. పాలు పొంగిన సందర్భంలో దీంతో గ్యాస్ రావడం ఆగిపోతుంది, మిగిలేది ఉన్నదాన్ని బయటికి పంపడం.

లైటు స్విచ్ వెయ్యకూడదని అందరికీ తెలుసు, వెలుగుతున్న లైటు ఆపకూడదని మాత్రం చాలామందికి తెలియదు. స్విచ్ వేసినప్పుడైనా ఆపినప్పుడైనా లోపలి రెండు లోహపు ముక్కల మధ్య రవ్వ లేస్తుంది, ఆపినప్పుడు ఇంకా ఎక్కువ. కాబట్టి ఏది ఎలా ఉందో అలాగే వదిలెయ్యాలి. చిమ్నీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి గ్యాస్ లాగేద్దామనుకోవడం ఇంకా పెద్ద తప్పు, వాటి మోటారు, స్విచ్ రెండూ రవ్వ పుట్టించేవే, పైగా అవి గోడ మీద ఎత్తులో ఉంటాయి, గ్యాస్ కింద ఉంటుంది. కాలింగ్ బెల్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పక్కింటివాళ్లని పిలవాలంటే తలుపు కొట్టాలి. కరెంటు మొత్తం ఆపాలనుకుంటే ఫ్లాట్ బయట, గ్యాస్ వాసన లేని చోట మెయిన్ ఉంటేనే ఆపాలి. చాలా అపార్ట్‌మెంట్లలో మీటర్ బోర్డులు కింద పార్కింగ్‌లో ఉంటాయి. గ్యాస్ మెట్ల మీంచి దిగి చేరేది కూడా అక్కడికే, అందుకని అక్కడ వాసన ఉందో లేదో ముందు చూసుకోవాలి.

గాలి ఆడించడంలో కిటికీల కంటే తలుపులు ముఖ్యం. గట్టు పైన మూడున్నర అడుగుల ఎత్తులో మొదలయ్యే కిటికీ తెరిస్తే నేల మీది గ్యాస్ దాన్ని ఎక్కి పోదు. నేల దాకా ఉండే బాల్కనీ తలుపు, యుటిలిటీ తలుపు తెరవాలి, ఎదురుగా ఇంకో తలుపో కిటికీయో తెరిస్తే గాలి అడ్డంగా కోసుకుపోతుంది. విశాఖలో మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా గాలి సముద్రం వైపు నుంచి వీస్తుంది, కాబట్టి సముద్రం వైపున్న తలుపు తెరిచి అవతలి వైపు దారి ఇస్తే పని తొందరగా అవుతుంది. రాత్రి గాలి బలహీనం, ఒక్కోసారి కదలదు. అప్పుడు రెట్టింపు సమయం ఇవ్వాలి. మెయిన్ తలుపు తెరిచేటప్పుడు గ్యాస్ మెట్ల వైపు పోతుందని గుర్తుంచుకుని, కింది అంతస్తుల వాళ్లకి చెప్పాలి.

ఎంతసేపు ఆరబెట్టాలి అన్నదానికి గడియారం కంటే మంచి కొలత ఉంది: బయటి మనిషి ముక్కు. కొన్ని నిమిషాలు అదే కంపులో ఉంటే ముక్కు దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. చేపల బజారులో కూర్చున్నవాళ్లకి చేపల వాసన తెలియనట్టే. "వాసన పోయింది" అని ఇంట్లోవాళ్లు అన్నప్పుడు గ్యాస్ పోయిందో, ముక్కు అలిసిందో చెప్పలేం. అప్పటిదాకా లోపలికి రాని మనిషిని పిలిచి, నేల దగ్గర వంగి వాసన చూడమనాలి. ఆ మనిషి లేదంటేనే లేదు.

నాబ్ మర్చిపోవడం కాకుండా లీకే కారణమైతే, అది ఎక్కడుందో కూడా వాసన వచ్చే తీరే చెబుతుంది. రెగ్యులేటర్ నాబ్ కట్టేసి, గాలి ఆడించాక వాసన మళ్ళీ రాకపోతే లీకు ట్యూబ్‌లోనో, పొయ్యిలోనో, రెగ్యులేటర్ కూర్చునే చోటి రబ్బరు వాషర్ దగ్గరో ఉంది. కట్టేసినా వస్తుంటే లీకు బండ వైపు ఉంది. అప్పుడు రెగ్యులేటర్ కింది నల్ల రింగును పైకి లాగి పట్టుకుని రెగ్యులేటర్ ఊడదీయాలి, బండకి దారంతో కట్టి ఉండే తెల్ల ప్లాస్టిక్ మూతని వాల్వ్ మీద టక్‌మనేలా నొక్కాలి. రెగ్యులేటర్ తియ్యగానే వాల్వ్ లోపలి పిన్ను స్ప్రింగ్ బలంతో మూసుకోవాలి. మూసుకుని వాసన ఆగితే, తప్పు రెగ్యులేటర్‌దో, వాల్వ్ లోపల ఉండే రబ్బరు వాషర్‌దో, మెకానిక్‌లు ఓ రింగ్ అనేది ఈ వాషర్‌నే. రెగ్యులేటర్ ముక్కు చుట్టూ పట్టి ఉంచాల్సిన ఆ రింగు ఎండిపోయినా, చిట్లినా, అసలు లేకపోయినా, రెగ్యులేటర్ బిగించి ఉన్నప్పుడు దాని చుట్టూ గ్యాస్ లీకవుతుంది. మూత పెట్టాక కూడా బుస్సుమని శబ్దం వస్తుంటే పిన్నే సరిగా కూర్చోలేదు. ఇది ఇంట్లో బాగయ్యేది కాదు.

అలాంటి బండని నిలువుగానే పట్టుకుని, మోయగలిగితే, దగ్గర్లో నిప్పు లేని, తూములు లేని ఆరుబయటికి చేర్చి వదిలెయ్యాలి. పడుకోబెట్టి దొర్లించుకుంటూ తీసుకెళ్లడం అందరూ చేసే పని, అదే వద్దు. నిలబడ్డ బండలోంచి ఆవిరి వస్తుంది, పడుకున్న బండలోంచి ద్రవం రావచ్చు, ఒక లీటరు ద్రవం బయటపడితే సుమారు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది. మోయలేని పరిస్థితి అయితే మూత పెట్టి, తలుపులు తీసి, బయటికి వచ్చెయ్యడమే.

ఫోను బయటికి వచ్చాకే తియ్యాలి. గ్యాస్ లీకుల కోసం 1906 నంబరు దేశమంతటా, రోజంతా పనిచేస్తుంది, ఇండేన్, భారత్, హెచ్‌పీ, ఏ బండైనా ఇదే నంబరు. ఫోన్ చేసేటప్పుడు కనెక్షన్ ఏ కంపెనీదో, అంతస్తు ఎంతో, రెగ్యులేటర్ ఊడదీశాక కూడా వాసన వస్తోందా లేదా అన్నది చెబితే వచ్చే మెకానిక్ వాషర్ తెచ్చుకోవాలో, బండ మార్చాలో ముందే తెలుస్తుంది. మంట అంటుకుంటే 101 లేదా 112.

ట్యూబ్ వైపు లీకైతే వెతకడానికి సబ్బు నీళ్లకి మించినది లేదు. కప్పు నీళ్లలో స్పూను గిన్నెల సబ్బు ద్రవం కలిపి, పాత బ్రష్‌తో పూసి, రెగ్యులేటర్ తెరిచి, పొయ్యి నాబ్‌లు కట్టేసి ఉంచి చూడాలి. ఇది ఇల్లు పూర్తిగా ఆరిన తర్వాత చేసే పని. ముందు రెగ్యులేటర్‌కి ట్యూబ్ ఎక్కే చోట, తర్వాత పొయ్యికి ఎక్కే చోట, ఆ తర్వాత ట్యూబ్ పొడవునా. బుడగలు పెరిగిన చోటే లీకు. అగ్గిపుల్ల గీసి చూసే పద్ధతి గురించి చెప్పక్కర్లేదు, కానీ ఇప్పటికీ చేసేవాళ్లున్నారు. ట్యూబ్ లోపల ఉక్కు తీగ అల్లిక ఉండే నారింజ రంగు సురక్షా ట్యూబే వాడాలి. దాని ఆయువు అయిదేళ్లు, పొడవు మీటరున్నర మించకూడదు. పచ్చరంగు రబ్బరు ట్యూబ్‌ని ఎలుక ఒక్క రాత్రిలో కొరికేస్తుంది, సురక్షా ట్యూబ్ అయితే ఉక్కు తీగ దాకా వచ్చి ఆగిపోతుంది. ట్యూబ్ మీద తారీఖు ముద్ర ఉంటుంది, వంటగట్టు కింద చీకట్లో ఉండటం వల్ల దాన్ని కొన్న రోజు తర్వాత ఎవరూ చదవరు.

పొయ్యి నాబ్ కాడల దగ్గర వచ్చే లీకు పట్టుకోవడం కష్టం. పొంగిన పాలు, పులుసు కారి కింది గ్రీజు ఎండిపోతే నాబ్ బిరుసెక్కుతుంది. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. బిరుసెక్కిన నాబ్ "ఆఫ్" దగ్గర నిలిచినట్టే కనిపిస్తుంది, లోపల పూర్తిగా మూసుకోదు. రాత్రి రెగ్యులేటర్ కట్టేసే అలవాటు ఈ రకం లీకుకే అన్నిటికంటే బాగా పనికొస్తుంది.

అన్ని గుడ్ల కంపులూ గ్యాస్ కావు. కొన్నాళ్లు వాడని బాత్‌రూమ్ తూము వంపులో నిలిచే నీళ్లు ఎండిపోతే డ్రైనేజీ గాలి నేరుగా ఇంట్లోకి వస్తుంది, అది అసలు సిసలు హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన. ఊరెళ్లి వచ్చి తలుపు తీసినప్పుడు వచ్చే కంపు ఇలాంటిదే కావచ్చు. బుట్ట అడుగున కుళ్ళిన బంగాళదుంపా ఉల్లిపాయా మెర్కాప్టాన్ జాతి వాయువుల్నే వదులుతాయి, అందుకే ఆ వాసన గ్యాస్‌ని అచ్చంగా పోలి ఉంటుంది. తేల్చుకోవడానికి రెగ్యులేటర్ ఊడదీసి మూత పెట్టి, గది ఆరబెట్టి, అరగంట తర్వాత మళ్ళీ చూడాలి. అప్పటికీ అదే స్థాయిలో ఉంటే కూరల బుట్ట, తూము వెతకవచ్చు. మొదట మాత్రం గ్యాస్ అనే అనుకోవాలి.

ఇక ముక్కు పనిచెయ్యని చోట్లు. జలుబు చేసినవాళ్లకి, కోవిడ్ తర్వాత వాసన పూర్తిగా తిరిగి రానివాళ్లకి, డెబ్బై దాటిన చాలామందికి ఈ కబురు అందదు, అందినా ఆలస్యంగా అందుతుంది. పిల్లలు వేరే ఊళ్లలో ఉండి, పెద్దవాళ్లిద్దరే ఉండే ఫ్లాట్లు విశాఖలో చాలా ఉన్నాయి, వాళ్ల వంటింట్లో ఈ లోటు ఎవరూ పరీక్షించి చూసి ఉండరు. ఇంగువ డబ్బా మూత తీసి జానెడు దూరంలో పట్టుకుని చూస్తే కొంత తెలుస్తుంది, అదీ గంధకపు వాసనే. నిద్ర ఇంకో లోటు. నిద్రలో ఉన్న మనిషిని వాసన లేపుతుందని నమ్మకం లేదు, పడుకునేది నేల మీద అయితే గ్యాస్ పొరకి దగ్గరగా ఉంటారు. గ్యాస్ తన వాసనని పోగొట్టుకునే సందర్భాలు కూడా ఉన్నాయి. బండ లోపల తుప్పు మెర్కాప్టాన్‌ని కొంత కొంతగా వేరే పదార్థంగా మార్చేస్తుంది, కొత్త ఉక్కు గోడలు కొంత పీల్చుకుంటాయి.

ఇలాంటి ఇళ్లకి గ్యాస్ డిటెక్టర్ పెట్టించడం సబబు. దాన్ని బిగించేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు, పొగ అలారంలా పైకప్పుకో, చిమ్నీ పక్కనో పెట్టడం. బండ గ్యాస్‌కి డిటెక్టర్ నేల నుంచి అడుగు ఎత్తు లోపే, బండకి రెండు మూడు మీటర్ల దూరంలో ఉండాలి, తలుపు గాలి నేరుగా కొట్టే మూలలోనో, తడి తగిలే సింక్ కిందో కాదు. డబ్బా మీద ఎల్‌పీజీ అని ఉందో, మీథేన్ అని ఉందో చూసి కొనాలి. లోపలి సెన్సార్‌కి ఆయువు ఉంటుంది, అది తీరాక పచ్చలైటు వెలుగుతూనే ఉన్నా గ్యాస్‌ని గుర్తించకపోవచ్చు. మార్చాల్సిన తారీఖు డబ్బా వెనక ముద్రించి ఉంటుంది, బిగించిన రోజునే ఆ తారీఖుని ముందు వైపు పెన్నుతో రాసి పెట్టుకోవాలి.